పెదనాన్న గొంతు, పెదనాన్న హార్మోనియం: రెండు మైకుల డైరీ

డిసెంబరు 28

పెదనాన్నకు 71 ఏళ్లు. తెనాలి దగ్గర మా ఊరి రామాలయంలో నలభై ఏళ్లుగా శనివారం భజన నడిపిస్తున్నాడు. ఆయనే పాడతాడు, ఆయనే హార్మోనియం వాయిస్తాడు. ఆయనకు వచ్చిన కీర్తనలు, తత్వాలు, మంగళహారతులు అన్నీ కలిపి ఒక నోటు పుస్తకం నిండా ఉన్నాయి. అందులో కొన్నింటి వరసలు ఇప్పుడు ఆయనకు తప్ప ఊళ్లో ఎవరికీ రావు. సంక్రాంతి అయ్యేలోపు పన్నెండు పాటలు శుభ్రంగా రికార్డు చేయాలని అనుకున్నాం.

గది మా ఇంట్లో వెనకది. పన్నెండడుగులు, పదడుగులు. ఒక గోడకు బీరువా, ఒక గోడకు పరుపు చుట్ట. నా దగ్గర రెండు ఛానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, ల్యాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు ఉన్నాయి. పద్యనాటకాలకు సౌండు చూసే స్నేహితుడు అలాంటిదే ఇంకో మైకు ఇస్తానన్నాడు. రెండు మైకులకూ వెనక ఒక మీట ఉంటుంది. మైకు ఏ వైపునుంచి వినాలో దాంతో మార్చుకోవచ్చు: ముందునుంచి వినే కార్డియాయిడ్, అన్ని వైపులా వినే ఓమ్ని, ముందూ వెనకా వినే ఫిగర్ ఎయిట్. ఈ మీటే చివరికి పని నడిపిస్తుందని అప్పటికి నాకు తెలియదు.

డిసెంబరు 30

మొదట తేలిక దారి చూశాను. ముందు హార్మోనియం ఒక్కటే రికార్డు చేసి, తర్వాత హెడ్‌ఫోన్‌లో అది వింటూ పెదనాన్న పాడితే ఒకదాని శబ్దం ఇంకోదాంట్లోకి దూరే గొడవే ఉండదు కదా.

హార్మోనియం ఒక్కటే వాయించమంటే పల్లవి బాగానే వాయించాడు. చరణంలోకి వచ్చేసరికి చేతులు తడబడ్డాయి. "పాట లేకుండా ఎక్కడ ఆగాలిరా?" అన్నాడు. ఆయన చేతులు గొంతు వెనకాల నడుస్తాయి. గొంతు ఒక స్వరం మీదికి జారి నిలబడ్డాక, రెప్పపాటు తర్వాత మెట్టు పడుతుంది. దమ్ము తీసుకునేటప్పుడు తిత్తి కూడా ఒకసారి గట్టిగా పడుతుంది, ఆ ఖాళీని హార్మోనియం నింపుతుంది. గొంతు ఎత్తినప్పుడు ఎడమ చెయ్యి దానంతటదే వేగం పెంచుతుంది. ముందే రికార్డయిన హార్మోనియం మీద పాడితే ఇదంతా తిరగబడింది. ఆయన గొంతు మెట్లను వెతుక్కుంటూ వెళ్లింది.

పైగా చెవులు మూసేసరికి తన గొంతు తనకు వినపడక శ్రుతి కూడా కాస్త కిందికి జారింది. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, "నన్ను మామూలుగా కూర్చుని పాడుకోనియ్యి నాన్నా" అన్నాడు.

ఈ దారి వదిలేశాను. రెండూ కలిపే తియ్యాలి. అలా తీసినప్పుడు గొంతు మైకులోకి హార్మోనియం, హార్మోనియం మైకులోకి గొంతు ఎంతో కొంత వస్తాయి. దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చు, మిగిలినది వినడానికి ఎలా ఉంటుంది అన్నదే ఇక నా పని.

డిసెంబరు 31

చెవితో "బాగుంది, బాలేదు" అనుకుంటూ పోతే ఎటూ తేలదని ఒక కొలత పెట్టుకున్నాను. మైకు కదిపిన ప్రతిసారీ రెండు చిన్న పరీక్షలు. మొదటిది ఒట్టి హార్మోనియం: పెదనాన్న నోరు మెదపకుండా సా, పా కలిపి అర నిమిషం పడతాడు. రెండోది ఒట్టి గొంతు: తిత్తి మూసేసి, చేతులు మెట్ల మీదే ఉంచి, అదే కూర్చోవడంలో ఒక పల్లవి పాడతాడు. రెండు సార్లూ రెండు ట్రాకుల మీటర్లు చూసి రాసుకుంటాను. గొంతు ట్రాకులో గొంతు ఎంత, హార్మోనియం ఎంత, ఆ రెంటి మధ్య తేడా ఎంత. హార్మోనియం ట్రాకుకీ అంతే. తేడా పెరిగితే లీకు తగ్గినట్టు.

మొదటి అమరిక అందరూ పెట్టేదే పెట్టాను. రెండు మైకులూ కార్డియాయిడ్‌లో. గొంతు మైకు పైనుంచి, ఆయన నుదుటికన్నా కొంచెం ఎత్తున, నోటివైపు కిందికి వంచి. మెట్లు కనపడటానికి అడ్డం లేకుండా ఉంటుందని అలా పెట్టాను. హార్మోనియం మైకు ఎదురుగా, తిత్తి అవతల, నేల నుంచి మూరెడు ఎత్తున.

గొంతు ట్రాకులో గొంతు మైనస్ 15, హార్మోనియం మైనస్ 23. తేడా 8 డెసిబెల్స్. హార్మోనియం ట్రాకులో తేడా 6 మాత్రమే. విన్నా అలాగే ఉంది. రెండు ట్రాకులూ కలిపి ప్లే చేస్తే గొంతు ఒక రేకు డబ్బాలోంచి వచ్చినట్టు బోలుగా ఉంది. ఒక్కో ట్రాకు విడిగా వింటే అంత చెడ్డగా లేదు, కలిపితేనే చెడుతోంది.

కారణం కాగితం మీద బొమ్మ గీస్తే కనపడింది. గొంతు మైకును పైనుంచి కిందికి వంచాను. నోటికి కిందే హార్మోనియం ఉంది. అంటే మైకు ముఖం నోటితోపాటు హార్మోనియాన్ని కూడా చూస్తోంది. ఎదురుగా పెట్టిన హార్మోనియం మైకు ఇంకా ఘోరం. దానికి హార్మోనియం వెనకే సరిగ్గా పెదనాన్న ముఖం ఉంది.

బోలుతనం లెక్క కూడా సులువే. గొంతు తన మైకుకు ఇరవై సెంటీమీటర్లు ప్రయాణిస్తే, రెండో మైకుకు ఇంకో 35 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణిస్తోంది. శబ్దం ఒక మిల్లీ సెకనులో సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి అదే గొంతు ఒక మిల్లీ సెకను ఆలస్యంగా రెండోసారి వచ్చి కలుస్తోంది. అలా కలిసినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర, 1500 దగ్గర, 2500 దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ గుంటలు ఎంత లోతుగా ఉంటాయన్నది రెండో కాపీ ఎంత బలంగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. అది 10 డెసిబెల్స్ తక్కువగా ఉంటే గుంట మూడు డెసిబెల్స్ పైచిలుకు. 20 తక్కువగా ఉంటే ఒక డెసిబెల్‌కి లోపే, చెవికి పట్టదు. నాకు 20 దగ్గరికి చేరాలని అప్పుడు అర్థమైంది.

జనవరి 2

మైకును కింద పెట్టి పైకి చూపిస్తే? కార్డియాయిడ్ వెనకవైపు వచ్చే శబ్దాన్ని బాగా వదిలేస్తుంది. మైకు ఛాతీ ఎత్తున ఉండి నోటివైపు పైకి చూస్తే, దాని వీపు హార్మోనియం వైపు ఉంటుంది.

లీకు తగ్గింది, తేడా 14కి వచ్చింది. కానీ గొంతు పెదనాన్నది కాదు. గుండెల్లో మాట్లాడుతున్నట్టు బరువుగా ఉంది. అంతకన్నా ఇబ్బంది, ముక్కులోంచి వదిలే గాలి తిన్నగా కిందికే వస్తుంది కదా, అది మైకు మీద పడి ప్రతి చరణం చివరా "ఫూ" అని వినిపిస్తోంది. మైకు స్టాండు ఆయన చూపుకీ మెట్లకీ మధ్య అడ్డం వచ్చి రెండు మూడు సార్లు తప్పు మెట్టు కూడా పడింది. ఒక్క కార్డియాయిడ్ మైకే ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. మైకును కొంచెం పక్కకు జరిపి, ముక్కు గాలి తగలకుండా చూసుకోవాలి. మాకు ఇంకో దారి ఉంది కాబట్టి ఇక్కడ ఆగలేదు.

జనవరి 4

ఈ రోజు మీట ఫిగర్ ఎయిట్‌కి తిప్పాను.

ఆ సెట్టింగులో మైకు ముందునుంచీ వెనకనుంచీ సమానంగా వింటుంది. పక్కలనుంచి దాదాపు ఏమీ వినదు. పక్కలంటే కుడి, ఎడమ మాత్రమే కాదు. నిలువుగా నిలబెట్టిన మైకుకు దాని తల వైపు, తోక వైపు కూడా పక్కలే. కార్డియాయిడ్ కూడా పక్కనుంచి వచ్చేదాన్ని తగ్గిస్తుంది గానీ ఆరు డెసిబెల్సే. ఫిగర్ ఎయిట్ అయితే ఆ దిక్కు మూసుకుపోతుంది. కాబట్టి మైకు ముఖం నోటికి, తోక హార్మోనియానికి చూపిస్తే పని జరగాలి.

కొలతలు ఇలా వచ్చాయి. పెదనాన్న బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నోరు నేలకు 70 సెంటీమీటర్లు. హార్మోనియం పై పలక 25. హార్మోనియం మధ్యభాగం నోటికన్నా 40 సెంటీమీటర్లు ముందుకుంది. గొంతు మైకును నోటికి జానెడు దూరంలో, ముక్కు ఎత్తుకు నాలుగు వేళ్లు పైన పెట్టి, ముఖం కొంచెం కిందికి వంచాను. అలా వంచితే తోక ముందుకు తిరిగి తిన్నగా హార్మోనియం మధ్యకు చూస్తుంది.

హార్మోనియం మైకుకూ అదే సూత్రం, తలకిందులుగా. దాని ముఖం హార్మోనియానికి, పక్క నోటికి. అంటే మైకు దగ్గర నిలబడి చూస్తే నోరు, హార్మోనియం సరిగ్గా తొంభై డిగ్రీల్లో ఉండాలి. ఎదురుగా దూరంగా పెడితే ఆ కోణం ఎప్పటికీ రాదు. రెండూ ఒకే వైపు కనపడతాయి. దగ్గరికి, పైకి రావాలి. కంటితో ఎంత చూసినా కుదరక, పక్కింట్లో తలుపులు చేస్తున్న వడ్రంగి దగ్గర మూలమట్టం అడిగి తెచ్చాను. దాని మూల మైకు దగ్గర పెట్టి, ఒక చేయి పెదనాన్న నోటివైపు, ఇంకో చేయి మెట్ల మధ్యకు ఉండేలా మైకును జరుపుకుంటూ వెళ్లాను. హార్మోనియం వెనక అంచుకు పైన, పలకకు జానెడు ఎత్తున ఆగింది. ఎడమ చెయ్యి తిత్తి దగ్గర ఆడుతుంది కాబట్టి మైకును మధ్యకన్నా కాస్త కుడికి జరిపాను. "ఏంట్రా, నాకు తలుపు బిగిస్తున్నావా?" అన్నాడు పెదనాన్న.

పరీక్ష చేస్తే హార్మోనియం ట్రాకులో తేడా 6 నుంచి 14కి వెళ్లింది. గొంతు ట్రాకులో 8 నుంచి 15కి. బాగుంది గానీ, నేను అనుకున్న 20 రాలేదు.

జనవరి 5

రాత్రంతా అదే ఆలోచన. లెక్క ప్రకారం తోక వైపు నుంచి ఏమీ రాకూడదు. మరి ఆ మిగిలిన హార్మోనియం ఎటునుంచి వస్తోంది?

పొద్దున పెదనాన్నను ఒట్టి సా పట్టమని, హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకును కొద్దికొద్దిగా తిప్పాను. సరైన కోణం దగ్గర రీడ్ల కరుకుదనం ఒక్కసారిగా తగ్గిపోతుంది, అది స్పష్టంగా తెలుస్తుంది. కానీ హార్మోనియం పోదు. దూరంగా, పక్క గదిలోంచి వచ్చినట్టు మిగిలి ఉంటుంది. అది సూటిగా వచ్చే శబ్దం కాదు, గదిది. హార్మోనియం శబ్దం పైకి లేచి కప్పుకు తగిలి, ఎదుటి గోడకు తగిలి మైకు వీపులోకి దూరుతోంది. ఫిగర్ ఎయిట్‌కు వీపు కూడా ముఖమే అన్నది నేను మరిచిపోయాను.

పెద్దమ్మ పెట్టెలోంచి రెండు పాత బొంతలు తీసింది. చీరలు పొరలుగా వేసి కుట్టినవి, మంచి బరువున్నవి. ఒకటి గొంతు మైకు వెనక రెండడుగుల దూరంలో దండెం కట్టి వేలాడదీశాను. రెండోది పైకప్పుకు ఉన్న ఫ్యాను కొక్కేనికీ కిటికీ ఊచలకీ తాడు కట్టి, ఆయన తలపైన పందిరిలా పరిచాను. పరుపు చుట్ట విప్పి ఎదుటి గోడకు నిలబెట్టాను. హార్మోనియం కింద మడతపెట్టిన దుప్పటి వేశాను. తిత్తి కొట్టినప్పుడు నేలమీద వచ్చే "ధబ్, ధబ్" దాంతో పోయింది.

మళ్లీ పరీక్ష. గొంతు ట్రాకులో గొంతు మైనస్ 15, హార్మోనియం మైనస్ 35. తేడా 20! హార్మోనియం ట్రాకులో 17. గొంతు ట్రాకులో మైకు కోణం మార్చినందుకు 7 లాభం వస్తే, బొంతల వల్ల ఇంకో 5 వచ్చింది. కోణం ఒక్కటే సరిచేసి ఊరుకుంటే సగం దారిలో ఆగినట్టే.

జనవరి 6

హార్మోనియాన్నే కాస్త నెమ్మదింపచేసే పని ఇవాళ. పెదనాన్న పెట్టె రెండు వరసల రీడ్లది. ఒకటి మంద్ర స్థాయి, ఒకటి మధ్య స్థాయి. గుళ్లో పది మంది తాళాల మధ్య వినపడాలి కాబట్టి స్టాపర్లు అన్నీ లాగి వాయిస్తాడు. ఇక్కడ ఒక్క మంద్రం వరస చాలన్నాను. మొదట ఒప్పుకోలేదు, "పెట్టె ఏడుస్తున్నట్టుంటుంది" అన్నాడు. మధ్యేమార్గంగా మంద్రం పూర్తిగా, మధ్య స్థాయి స్టాపరు సగం లాగి వాయించాడు. ఆయనకూ నచ్చింది. శబ్దం తగ్గింది, రీడ్ల గరగర తగ్గింది, గొంతుతో పోటీ పడే పైస్థాయి తగ్గింది. ఆయన శ్రుతి ఒకటిన్నర. ఆ సా మంద్రం వరసలో గొంతు కిందనుంచి పట్టుకున్నట్టు ఉంటుంది.

రెండు మెట్లు టక్కుమంటున్నాయి. హార్మోనియం మైకు ఇంత దగ్గరగా ఉంటే అది దాగదు. పై పలక విప్పి చూస్తే ఆ మెట్ల కింద ఉండే ఫెల్టు అరిగిపోయి కర్రకు కర్ర తగులుతోంది. పాత ఉన్ని స్వెట్టరు ముక్క కత్తిరించి పలచగా అంటించాను. తిత్తి మడతల్లో ఒకచోట గాలి పోతోంది, సన్నగా "స్‌స్" అని. దాన్ని ఇప్పుడు నేను ముట్టుకోలేదు. తిత్తి పని తెలిసినవాళ్లే చెయ్యాలి. ఆ చోటు మైకుకు అవతలి వైపుంది కాబట్టి పాటలో వినపడటం లేదు.

దగ్గరగా పెట్టిన మైకుతో ఇంకో ఇబ్బంది ఉంటుంది. మైకు కింద ఉన్న మెట్లు గట్టిగా, దూరపు మెట్లు మెల్లగా పడతాయి. జానెడు ఎత్తులో ఇది కొంచెం ఉంది. పెదనాన్న చెయ్యి ఎక్కువగా మధ్య స్థాయిలోనే తిరుగుతుంది కాబట్టి మైకును ఆ సా, పాల మధ్యకు గురిపెట్టి వదిలేశాను. మూడు స్థాయిలూ పరుగెత్తే వాయిద్యగాడైతే ఇది కుదరదు. మైకు ఇంకా పైకి వెళ్లాలి, అప్పుడు తొంభై డిగ్రీలు పోతాయి.

జనవరి 7

మొదటి అసలు రికార్డింగు. ధనుర్మాసం కాబట్టి తెల్లవారుజామున గుళ్లో మైకు మోగుతుంది. సాయంత్రం కూడా మోగుతుంది. అందుకని రాత్రి పది దాటాక మొదలుపెట్టాం. ఫ్యాను కట్టేశాం, ఫ్రిజ్ తీసేశాం, ల్యాప్‌టాప్ గది బయట తలుపు సందులోంచి తీగ లాగి పెట్టాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గొంతు ఎంత ఎత్తినా మీటరు మైనస్ 10 దాటకుండా గెయిన్ పెట్టాను.

మొదటి పాట బాగానే వచ్చింది. రెండో పాటలో, పైస్థాయిలోకి వెళ్లినప్పుడల్లా గొంతు రంగు మారుతోంది. వీడియో లేదు కానీ కళ్లారా చూశాను. ఆయన పైస్వరానికి గడ్డం ఎత్తి వెనక్కి వాలతాడు. మెట్టు చూసుకునేటప్పుడు ముందుకు వంగుతాడు. హార్మోనియం కదలదు కాబట్టి గొంతు మైకుకు పెద్ద నష్టం లేదు. హార్మోనియం మైకుకే చిక్కు. నోరు తొంభై డిగ్రీల నుంచి పది డిగ్రీలు పక్కకు పోతే లీకు ఇంకా 15 డెసిబెల్స్ కింద ఉంటుంది. ఇరవై డిగ్రీలు పోతే 9 మాత్రమే. అప్పుడు బోలుతనం మళ్లీ వచ్చేస్తుంది.

"కదలొద్దు" అని పాడేవాళ్లకు చెప్పకూడదు. చెబితే గొంతే బిగుసుకుపోతుంది. పెద్దమ్మ ఉపాయం చెప్పింది. మైకు స్టాండు నుంచి ఒక దారం, చివర పసుపు కొమ్ము. అది ఆయన ముక్కుకు ఎదురుగా నాలుగు వేళ్ల దూరంలో వేలాడుతుంది. దూరం జరిగితే తెలుస్తుంది, ముందుకొస్తే తగులుతుంది. వెనక్కి వాలకుండా వీపుకు గోడకూ మధ్య ఒక తలగడ. పది నిమిషాల్లో ఆయన దాన్ని మరిచిపోయాడు. తల కదలడం ఆగలేదు, పరిధి తగ్గింది. అంతే కావాలి.

రాత్రి పన్నెండింటికి మూడు పాటలు ముగించాం. బొంతల పందిరి కింద ఫ్యాను లేక ఆయన చొక్కా తడిసిపోయింది. ఒక్కో పాట మధ్య తలుపు తీసి పది నిమిషాలు గాలి పోసుకోవడం తప్పనిసరి.

జనవరి 9

మిక్సులో కూర్చున్నాను. ఇక్కడ ఒక రోజు వృథా చేశాను, రాసి పెడుతున్నాను.

గొంతు హార్మోనియం ట్రాకులోకి ఒక మిల్లీ సెకను ఆలస్యంగా వస్తోంది కదా, ఆ ట్రాకును అంత ముందుకు జరిపితే సరిపోతుందనుకున్నాను. 48 కిలోహెర్ట్జ్‌లో అది 48 శాంపిళ్లు. జరిపాను. గొంతు నిజంగానే నిండుగా అయింది. కానీ హార్మోనియం పలచబడి, ముక్కుతో వాయించినట్టు అయింది. కాసేపటికి తట్టింది. హార్మోనియం కూడా గొంతు మైకులోకి ఆలస్యంగానే వెళ్తోంది, దాదాపు అంతే ఒక మిల్లీ సెకను. నేను హార్మోనియం ట్రాకును ముందుకు జరిపితే, గొంతు కలిసింది గానీ హార్మోనియం తేడా ఒకటి నుంచి రెండు మిల్లీ సెకన్లయింది. ఒకరికి సర్దితే ఇంకొకరికి చెడుతుంది. రెండు మైకులూ రెంటికీ మధ్య ఇంచుమించు సమానంగా కూర్చున్నప్పుడు జరపకుండా వదిలేయడమే మేలు. వెనక్కి తెచ్చేశాను.

ఫేజు తిప్పి, అంటే ఒక ట్రాకు శబ్దపు అలను తలకిందులు చేసి చూడడం మాత్రం తప్పకుండా చెయ్యాలి. ఫిగర్ ఎయిట్ మైకు వీపు వైపు నుంచి వచ్చేది తిరగబడి నమోదవుతుంది. హార్మోనియం ట్రాకు ఫేజు బటను నొక్కుతూ, తీస్తూ గొంతు అడుగుభాగం ఎప్పుడు నిండుగా ఉందో విన్నాను. మాకు తిప్పితేనే బాగుంది. ఒక క్లిక్కు, అంతే.

గొంతుకు దగ్గరితనం వల్ల వచ్చిన బరువు ఉంది, ఫిగర్ ఎయిట్‌లో అది ఇంకా ఎక్కువ. ఆయన పాడే కింది పంచమం 104 హెర్ట్జ్ దగ్గరుంటుంది. కాబట్టి 80 కింద కోసేసి, 200 కింద రెండున్నర డెసిబెల్స్ వంచాను. హార్మోనియంలో గొంతు మాటలు స్పష్టంగా ఉండే చోట, 3 కిలోహెర్ట్జ్ చుట్టూ రెండు డెసిబెల్స్ తగ్గించాను. అంతకన్నా ఎక్కువ తియ్యబోతే అందులో ఉన్న గొంతు కూడా మారిపోతోంది. లీకు ఉన్న ట్రాకుకు ఈక్యూ ఎప్పుడూ రెండు వాయిద్యాలకూ పడుతుంది.

గట్టి శబ్దానికీ మెల్లని శబ్దానికీ తేడా తగ్గించే కంప్రెసర్ కూడా అందుకే తీసేశాను. గొంతు ట్రాకు మీద అది పెడితే పాట ఆగిన ప్రతిచోటా వెనక ఉన్న హార్మోనియం ఉబ్బి పైకి వస్తోంది. మెల్లని శబ్దాన్ని మూసేసే గేటు పెడితే ఇంకా అన్యాయం: గొంతు ఆగగానే హార్మోనియం చప్పున దూరం జరిగి, మళ్లీ పాడగానే దగ్గరికి వస్తుంది. దాని బదులు గొంతు ట్రాకు వాల్యూమ్ గీతను చేత్తో గీశాను, పదం పదానికి కాదు, వాక్యం వాక్యానికి. మెల్లగా పలికిన చివరి అక్షరాలు రెండు డెసిబెల్స్ ఎత్తాను. ఒక్కో పాటకు గంటన్నర పట్టింది.

మూడో పాటలో ఒక మాట తప్పు పడింది. విడిగా తీసి ఉంటే ఆ ఒక్క మాట మళ్లీ పాడించేవాణ్ని. ఇక్కడ గొంతు కింద హార్మోనియం ఉంది, రెండు ట్రాకుల్లోనూ రెండూ ఉన్నాయి. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేరు కూడా పనికిరాదు, గొంతుతోపాటు హార్మోనియం వంకరపోతుంది. ఒకటే దారి: ఇంకో టేకు నుంచి మొత్తం చరణం తెచ్చుకోవడం, అదీ రెండు ట్రాకులూ కలిపి. చరణానికి ముందు ఆయన దమ్ము తీసుకునే చోట, రెండు టేకుల్లోనూ ఒకే సా పట్టి ఉన్నప్పుడు కోసి, ఒక పావు సెకను కలగలిపితే అతుకు తెలియలేదు. తిత్తి ఒత్తిడి రెండిట్లో ఒకేలా లేని చోట మాత్రం సా చిన్నగా ఊగినట్టు వినపడుతుంది. కాబట్టి ఇకమీద ప్రతి పాటా మూడు టేకులు, మధ్యలో ఎవరూ మైకు ముట్టుకోకుండా.

జనవరి 12

మిగిలిన తొమ్మిది పాటలు రెండు రాత్రుల్లో అయిపోయాయి. రోజూ మొదట మూలమట్టం, తర్వాత సా-పా పరీక్ష, తర్వాత పసుపు కొమ్ము. ఇరవై నిమిషాలు పడుతుంది. నిన్న పరీక్షలో తేడా 16కి పడిపోయింది. చూస్తే పెద్దమ్మ పగలు ఒక బొంత తీసి ఎండలో వేసింది. తెచ్చి కట్టగానే 20కి వచ్చింది.

పెదనాన్నకు హెడ్‌ఫోన్ ఇచ్చి మొదట గొంతు ట్రాకు ఒక్కటే వినిపించాను. తన గొంతు వెనక, దూరంగా, తన పెట్టె వినపడుతోంది. "ఇందులో పెట్టె ఎందుకుంది?" అన్నాడు. తర్వాత రెండూ కలిపి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. చివరి చరణం దాకా ఏమీ అనలేదు. "ఇది గుళ్లో కూర్చున్నట్టే ఉంది, ముందు వరసలో" అన్నాడు.

ఆ దూరపు పెట్టెను మొత్తం తుడిచేసి ఉంటే ఆ మాట వచ్చేది కాదేమో. 20 దగ్గర మిగిలిన లీకు గొంతునూ హార్మోనియాన్నీ ఒకే గదిలో కూర్చోబెడుతోంది. అందుకే వేరే రెవర్బ్, అంటే కృత్రిమ ప్రతిధ్వని, చాలా కొద్దిగా కలిపాను, అదీ రెండు ట్రాకులకూ ఒకటే.

చివరిది మంగళహారతి. మూడో టేకులో పాట అయిపోయాక పెదనాన్న సా వదలకుండా పట్టుకుని తిత్తి కొట్టడం ఆపేశాడు. గాలి తగ్గుతుంటే రీడు శబ్దం మెల్లగా సన్నబడుతూ ఆగింది. నేను రికార్డింగు ఆపకుండా మరో పదిహేను సెకన్లు అలాగే ఉంచాను. మిక్సులో ఆ సన్నబడడం కోసెయ్యలేదు. ఆయన ఊపిరి వదిలి, మెట్ల మీదనుంచి చెయ్యి తీసిన చప్పుడు దాకా ఫైలులో ఉంది.